వేడెక్కితే ఆగి, చల్లారితే కదిలే కారు

ప్రశ్న: మాది 2015 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. మే నెల నుంచి ఇంజన్ లైట్ అప్పుడప్పుడు వెలుగుతోంది, రెండు మూడు రోజులకు దానంతటదే ఆరిపోతోంది. సూర్యాపేట నుంచి విజయవాడ వెళ్తుంటే రెండుసార్లు నడిరోడ్డు మీద ఉన్నట్టుండి బండి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజన్ బాగానే తిరుగుతుంది కానీ స్టార్ట్ కాదు. అరగంట ఆగి కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. పంపు చప్పుడు రావడం లేదని మెకానిక్ పెట్రోల్ పంపు మార్చాడు, 7 వేలు అయింది. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. ఇప్పుడు క్రాంక్ సెన్సార్ అయి ఉంటుంది, అదీ కాకపోతే ఈసీయూ పోయి ఉంటుంది అంటున్నాడు. పిల్లలతో హైవే ఎక్కాలంటేనే టెన్షన్‌గా ఉంది. మళ్లీ డబ్బు పెట్టే ముందు అసలు లోపం ఏమిటో తేల్చుకోవడం ఎలా?
(ఒక ఉపాధ్యాయుడు, సూర్యాపేట)

సమాధానం: మాస్టారూ, ముందు ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ అయిన ఈసీయూ మాటను పక్కన పెట్టించండి. దాని దాకా వెళ్లాల్సిన అవసరం చాలా అరుదు. క్రాంక్ సెన్సార్ మీద మీ మెకానిక్‌కు వచ్చిన అనుమానం సరైనదే అనిపిస్తోంది. కాకపోతే అనుమానం మీదే పార్టు మార్చేస్తే పంపు విషయంలో జరిగిందే మళ్లీ జరగొచ్చు. ఈ లోపానికి సాక్ష్యం దొరికేది బండి మొండికేసి నిలబడిన ఆ అరగంటలోనే. చల్లారి మామూలుగా స్టార్ట్ అయిన కారును షెడ్డుకు తోలుకెళ్తే ఎంత పెద్ద మెకానిక్ అయినా ఊహించి చెప్పాల్సిందే. అందుకని ఆ అరగంటలో ఏం చూడాలో చెబుతాను. దానికి ముందు ఈ సెన్సార్ పని ఏమిటో కొంచెం తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది.

పిస్టన్లు పైకీ కిందికీ కదులుతుంటే ఆ కదలికను గుండ్రంగా తిప్పే ఇరుసే క్రాంక్ షాఫ్ట్. దానికి ఫ్లైవీల్ వైపు గానీ ముందు పుల్లీ వైపు గానీ ఒక పళ్ల చక్రం ఉంటుంది. చాలా కార్లలో ఆ చక్రం మీద 60 పళ్లకు చోటు ఉంటుంది, కానీ 58 పళ్లే ఉంటాయి. రెండు పళ్లను కావాలనే వదిలేస్తారు. ఆ పళ్లకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు ఎడంలో, తగలకుండా, మన బొటనవేలంత సెన్సార్ బిగించి ఉంటుంది. ఒక్కో పన్ను దాని ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక్కో చిన్న కరెంటు అల పుడుతుంది. రెండు పళ్లు లేని ఖాళీ వచ్చినప్పుడు అల తప్పుతుంది. ఆ తప్పిన చోటును గుర్తుగా పెట్టుకుని ఈసీయూ పిస్టన్ ఎక్కడ ఉందో లెక్క కడుతుంది. స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి, పెట్రోల్ ఎప్పుడు చిమ్మాలి అన్నవన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి.

ఆ అలలు ఆగిపోయాయనుకోండి. ఇంజన్ నిజంగా తిరుగుతున్నా సరే, ఈసీయూ దృష్టిలో అది ఆగిపోయినట్టే. ఆగిన ఇంజన్‌కు పెట్రోల్ పంపడం ప్రమాదం కాబట్టి అది ఇంజెక్టర్లను ఆపేస్తుంది, స్పార్క్ ఆపేస్తుంది, చాలా కార్లలో పెట్రోల్ పంపుకు కరెంటు ఇచ్చే రిలే స్విచ్‌ను కూడా కట్ చేస్తుంది. మీ 7 వేలు పోయింది బహుశా ఇక్కడే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పంపు చప్పుడు లేకపోవడం పంపు చెడిందనడానికి రుజువు కాదు. తిరుగుతున్న సంగతి ఈసీయూకు తెలియకపోతే మంచి పంపు కూడా నోరు మెదపదు. పంపును పరీక్షించాలంటే సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసిన మొదటి క్షణంలో వినాలి. చాలా పెట్రోల్ కార్లలో అప్పుడు వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు సన్నగా గుయ్‌మని మోగి ఆగుతుంది. ఆ రెండు సెకన్లు మోగి, సెల్ఫ్ కొట్టినప్పుడు మోగకపోతే పంపు మీద నింద వేయకూడదు, దాన్ని నడిపించే సిగ్నల్ కోసం వెతకాలి.

ఇక వేడి సంగతి. పాత తరహా సెన్సార్‌లో అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికీ అదురుకీ ఆ తీగ ఎక్కడో ఒకచోట, ఎక్కువగా పిన్నుకు అతికించిన చోట, కంటికి కనబడనంత చీలుతుంది. చల్లగా ఉన్నంతసేపు చీలిన కొనలు రెండూ తాకుతూనే ఉంటాయి. వేడెక్కి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఉబ్బగానే విడిపోతాయి. చల్లారితే మళ్లీ కలుస్తాయి. బండి ఆపిన తర్వాత కొన్ని నిమిషాల పాటు బానెట్ కింద వేడి తగ్గదు, ఇంకా పెరుగుతుంది. ఎదురుగాలి ఉండదు, నీళ్లు తిరగవు, ఇంజన్ దిమ్మెలోని వేడంతా చుట్టుపక్కల పార్టులకు పాకుతుంది. అందుకే ఇలాంటి కార్లు దారిలో ఆగడమే కాదు, టీ తాగడానికి పది నిమిషాలు ఆపినప్పుడు కూడా మొరాయిస్తాయి. మీకు మే నెలలో మొదలవడం కూడా దీనికి సరిపోతుంది.

అయినా వేడెక్కితే ఆగి చల్లారితే నడిచే జబ్బు ఒక్క క్రాంక్ సెన్సార్‌కే రాదు. అరిగిన పెట్రోల్ పంపుకూ వస్తుంది, రిలేలకూ ఇగ్నిషన్ కాయిల్‌కూ వస్తుంది. కాబట్టి అరగంట లెక్క ఒక్కటే చాలదు. బండి ఆగిన తీరు గుర్తు చేసుకోండి. పెట్రోల్ అందకపోతే ఇంజన్ సాధారణంగా ముందు పికప్ పోగొట్టుకుంటుంది, జర్కులు ఇస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా ముక్కుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. క్రాంక్ సెన్సార్ పోతే ఎవరో తాళం తిప్పేసినట్టు ఒక్క దెబ్బకు ఆగుతుంది.

దీనికంటే గట్టి గుర్తు ఒకటుంది, అది చాలామంది గమనించరు. బండి 60లో పోతూ ఆగినప్పుడు మీరు వెంటనే క్లచ్ తొక్కరనుకోండి. గేరులోనే ఉంది కాబట్టి చక్రాలు ఇంజన్‌ను ఇంకా తిప్పుతూనే ఉంటాయి. ఆ క్షణంలో ఆర్‌పీఎం ముల్లు ఎక్కడుంది? పంపు ఆగి ఉంటే ముల్లు బండి వేగంతో పాటు మెల్లగా దిగుతుంది, ఎందుకంటే తిరుగుతున్న సంగతి సెన్సార్ చెబుతూనే ఉంది. సెన్సార్ పోయి ఉంటే బండి ఇంకా 50లో దొర్లుతుండగానే ముల్లు సున్నాకు పడిపోతుంది. కొన్ని మోడళ్లలో ముల్లు ఇంత సూటిగా స్పందించదు, అది ఒప్పుకోవాలి. ముల్లుతో పాటు పాటలు ఆగిపోయి డ్యాష్‌బోర్డు మొత్తం ఆరిపోతే అది వేరే కథ. బ్యాటరీ టెర్మినల్, ఇగ్నిషన్ స్విచ్, మెయిన్ ఫ్యూజు వైపు చూడాలి. మిగతా అన్నీ వెలుగుతూ ఆ ఒక్క ముల్లు పడిపోతే మాత్రం దాదాపు దొంగ దొరికినట్టే. బండి ఆగినప్పుడు మీ కళ్లు రోడ్డు మీద ఉండాలి కాబట్టి ఈ పని పక్క సీట్లో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ఇక ఆగిన తర్వాత. పక్కకు చేరి, హజార్డ్ లైట్లు వేసి, పిల్లల్ని రోడ్డుకు దూరంగా రైలింగ్ అవతలికి పంపాకే ఏదైనా. ఆ తర్వాత పదే పదే సెల్ఫ్ కొట్టి బ్యాటరీ తినేయకండి. మీకు కావాల్సింది రెండే రెండు ప్రయత్నాలు, ఒక్కోటి ఐదారు సెకన్లు.

తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా ఇంజన్ లైట్ చూడండి. ఆ లైట్ అప్పుడు వెలగాలి, అది మామూలే. ఆగిపోయాక లైట్లన్నీ వెలిగాయని చాలామంది కంగారు పడతారు, ఇంజన్ ఆగి తాళం ఆన్‌లో ఉంటే ఏ కారులోనైనా కొన్ని లైట్లు వెలుగుతాయి. దానికి తిరగబడితేనే విశేషం. తాళం ఆన్ చేసినా ఇంజన్ లైట్ అసలు వెలగకపోతే ఈసీయూకు కరెంటే అందడం లేదని అర్థం. అప్పుడు మెయిన్ రిలే, ఫ్యూజు చూడాలి, క్రాంక్ సెన్సార్ జోలికి వెళ్లనక్కర్లేదు. తాళం బొమ్మ ఉన్న లైట్ టకటకా మెరుస్తుంటే అది ఇమ్మొబిలైజర్ సమస్య, తాళంలోని చిప్‌ను బండి గుర్తుపట్టడం లేదన్నమాట.

ఈ రెండూ మామూలుగా ఉంటే ఇప్పుడు అసలు పరీక్ష. స్టీరింగ్ కింద స్కానర్ తగిలించడానికి ఉండే ఓబీడీ సాకెట్‌లో పెట్టే బ్లూటూత్ పరికరాలు వెయ్యి రూపాయల లోపు కూడా దొరుకుతున్నాయి. ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుంటే లైవ్ డేటా కనబడుతుంది. అందులో Engine RPM అనే గడి తెరిచి ఉంచి, పక్కవాళ్లను దాన్ని చూడమని మీరు సెల్ఫ్ కొట్టండి. స్టార్టర్ మోటారు ఇంజన్‌ను సుమారు 150 నుంచి 300 ఆర్‌పీఎంతో తిప్పుతుంది. తెర మీద ఆ అంకె కనబడితే క్రాంక్ సిగ్నల్ ఈసీయూకు చేరుతోంది, లోపం ఇంకెక్కడో ఉంది, సెన్సార్ మార్చనివ్వకండి. ఇంజన్ గిర్రున తిరుగుతున్న చప్పుడు మీ చెవులకు వినబడుతుండగా తెర మీద 0 దగ్గరే నిలిచిపోతే, సెన్సార్, దాని వైరు, దాని ముందు తిరిగే పళ్ల చక్రం, ఈ మూడింటిలో ఒకటి పట్టుబడింది.

ఈ పరికరాన్ని కొన్న రోజునే, బండి బాగున్నప్పుడు ఒకసారి ఇంటి ముందు ఇదే పరీక్ష చేసి పెట్టుకోండి. చవక పరికరాలు కొన్ని సెల్ఫ్ కొట్టగానే వోల్టేజ్ పడిపోయి కనెక్షన్ వదిలేస్తాయి, లేదా అంకెను ఆలస్యంగా చూపిస్తాయి. బాగున్నప్పుడే మీ కారులో సెల్ఫ్ కొట్టేటప్పుడు 210 అనో 240 అనో కనబడిందంటే, ఆగినప్పుడు కనబడే 0 మీద నమ్మకం పెట్టుకోవచ్చు. బాగున్నప్పుడు కూడా 0 చూపిస్తే ఆ పరికరం ఈ పనికి పనికిరాదు.

చెవితో కూడా ఒక మాట వినండి. మామూలుగా సెల్ఫ్ కొడితే ర్ర్ ర్ర్ ర్ర్ అని దమ్ము పట్టి వదిలినట్టు వినబడుతుంది. ఆ లయ లేకుండా కుట్టు మిషన్‌లా ఒకే ధారగా, వేగంగా తిరిగితే టైమింగ్ బెల్టో చైనో తెగి ఉండొచ్చు. అప్పుడు మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు, లోపల వాల్వులు వంగే ప్రమాదం ఉంది. మీ బండి అరగంటకు స్టార్ట్ అవుతోంది కాబట్టి మీకు ఆ భయం లేదు.

ఇంజన్ లైట్ ఆరిపోయిందన్నారు. లైట్ ఆరినంత మాత్రాన దాని వెనక ఈసీయూ రాసుకున్న లోపం కోడ్ వెంటనే చెరిగిపోదు. వరుసగా కొన్ని ప్రయాణాలు సవ్యంగా సాగితే లైట్ ఆరుతుంది, కోడ్ మాత్రం ఇంకా చాలా రోజులు జ్ఞాపకంలో ఉంటుంది. అందుకే కోడ్ చదివించేదాకా ఎవరినీ బ్యాటరీ టెర్మినల్ తీయనివ్వకండి. చాలా కార్లలో దానితో రికార్డంతా పోతుంది. P0335 వస్తే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో సిగ్నల్ లేదని, P0336 వస్తే సిగ్నల్ వస్తోంది కానీ పళ్ల లెక్క కుదరడం లేదని, P0339 వస్తే వచ్చి పోతోందని అర్థం. కోడ్‌తో పాటు ఆ క్షణపు వివరాలు కొన్ని దాచి ఉంటాయి, స్కానర్‌లో Freeze Frame అని కనబడుతుంది. అక్కడ వేగం 64, ఆర్‌పీఎం 0 అని ఉందనుకోండి, గేరులో పోతున్న బండికి అది జరిగే పని కాదు. ఆ ఒక్క వరుసే పెద్ద సాక్ష్యం. కోడ్ అసలు లేకపోయినా సెన్సార్ నిర్దోషి అనుకోవద్దు. ఒక్కసారిగా సిగ్నల్ పోతే కొన్ని ఈసీయూలు డ్రైవరే ఇంజన్ ఆపాడనుకుంటాయి, ఏ కోడూ రాసుకోవు.

ఇప్పుడు నేను అందరికీ నొక్కి చెప్పే మాట. P0335 అంటే 'సెన్సార్ మార్చు' అని కాదు. అందులో సర్క్యూట్ అన్న మాట ఉంది. సెన్సార్ నుంచి ఈసీయూ దాకా వైరు, మధ్యలో వైర్లను కలిపే కప్లర్, అన్నీ కలిపి ఒక దారి. ఆ దారిలో ఎక్కడ తెగినా ఇదే కోడ్ వస్తుంది. మా షెడ్డుకు వచ్చిన ఒక కారుకు అంతకుముందు వేరే చోట సెన్సార్ రెండుసార్లు మార్చారు. కప్లర్ విప్పి చూస్తే పిన్నులు శుభ్రంగా ఉన్నాయి. వైరును వేళ్లతో తడుముకుంటూ పోతే గేర్‌బాక్స్ పైన క్లిప్పు ఊడిపోయిన చోట, ఇనుప బ్రాకెట్ అంచుకు రాసుకుని రాసుకుని, పైతొడుగు పోయి రాగి మెరుస్తోంది. కుదుపుకు అది ఇంజన్‌కు తగిలినప్పుడల్లా సిగ్నల్ ఎర్త్ అయిపోయేది. క్లచ్ పని చేసినప్పుడు ఆ క్లిప్పు మళ్లీ పెట్టలేదు, అంతే జరిగింది. మీ కారుకు ఈ మధ్య క్లచ్ గానీ గేర్‌బాక్స్ గానీ దింపి ఉంటే ముందు అక్కడే చూడమనండి. ఇంటి ముందు చెట్టు కింద పెట్టే బండి అయితే ఎలుకలు కొరికిన గుర్తుల కోసం కూడా చూడండి.

వైరు బాగుంటే అప్పుడు సెన్సార్ వంతు. చల్లటి సెన్సార్‌ను మల్టీమీటర్‌తో కొలిచి బాగుందని చెప్పేస్తే మాత్రం నమ్మకండి. ఖమ్మం వైపు నుంచి ట్యాక్సీ తిప్పే కుర్రాడు ఒకతను అచ్చం మీలాంటి బాధతోనే వచ్చాడు. ఇంకో చోట కొలిచి 'సెన్సార్ మంచిదే' అని పంపేశారట. మేమూ పొద్దున్నే విప్పి కొలిచాం, రెండు పిన్నుల మధ్య 860 ఓంలు వచ్చింది. ఆ మోడల్‌కు ఉండాల్సిన హద్దుల్లోనే ఉంది. అప్పుడు మీటరు క్లిప్పులు పిన్నులకు అలాగే తగిలించి, సెన్సార్‌ను బల్ల మీద పెట్టి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వేడి గాలి కొట్టాం. అంకె 900 దాటింది, 980 అయింది, 1050 దగ్గరికి వచ్చింది. అక్కడిదాకా తప్పేమీ లేదు, రాగి వేడెక్కితే నిరోధం అలా మెల్లగా పెరగాల్సిందే. ఉన్నట్టుండి మీటరు తెర మీద అంకె పోయి OL అని పడింది. అంటే తీగ తెగింది. డ్రయ్యర్ ఆపి చూస్తూ కూర్చున్నాం. నాలుగు నిమిషాలకు మళ్లీ 1010 అని వచ్చి మెల్లగా దిగుతూ పోయింది. ఆ కుర్రాడి ముందే మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అదే వేడికి తెగి, అలాగే అతుక్కుంది. కొత్త సెన్సార్‌ను కూడా బిగించే ముందు అలాగే వేడి చేసి చూశాం, అది సాఫీగా పెరిగి సాఫీగా దిగింది.

ఈ పని మీ మెకానిక్‌తో చేయించండి, పావుగంట పట్టదు. పెయింటు ఊడగొట్టే హీట్ గన్ వాడొద్దని చెప్పండి, ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఇంకో జాగ్రత్త: ఈ ఓంల కొలత తీగ చుట్టిన రకానికే. ఇప్పటి కార్లలో చాలావాటికి హాల్ రకం సెన్సార్ వస్తోంది, దానిలో చిన్న ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది. దానికి ఓంలు కొలవడంలో అర్థం లేదు, చిప్ పాడయ్యే అవకాశం కూడా ఉంది. హాల్ రకానికి మూడు వైర్లుంటాయి. తాళం ఆన్ చేసి కప్లర్ దగ్గర ఒకదానిలో సప్లై, చాలా కార్లలో 5 వోల్టులు, ఇంకోదానిలో సరైన ఎర్త్ ఉన్నాయో లేదో చూడాలి. ఆ రెండూ ఉండి, వేడిలో సెల్ఫ్ కొట్టినప్పుడు మూడో వైరు మీద సిగ్నల్ కదలకపోతే సెన్సార్ పోయినట్టు. తీగ రకంలో కూడా కొన్నిటికి మూడో వైరు ఉంటుంది, అది అడ్డు తరంగాల నుంచి కాపాడే తొడుగు వైరు. కాబట్టి వైర్లు లెక్కపెట్టి రకం తేల్చేయకుండా మీ మోడల్ వైరింగ్ డయాగ్రామ్ చూడమనండి.

సెన్సార్ బయటికి తీసినప్పుడు దాని కొనను మీరు కూడా ఒకసారి చూడండి. లోపల అయస్కాంతం ఉంటే ఇనుప రజను గడ్డంలా అంటుకుని ఉండొచ్చు. కొంచెం ఉంటే తుడిస్తే చాలు. బాగా పేరుకుని ఉంటే ఆ రజను ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచించాలి. కొన మీద గీతలు పడి ఉంటే పళ్ల చక్రం దానికి రాసుకుంటోంది, చక్రం వంగి గానీ వదులై గానీ ఉంటుంది. అలాంటప్పుడు ఎన్ని సెన్సార్లు మార్చినా నిలవవు. పక్కనంతా ఆయిల్ తడిసి ఉంటే క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కారుతోందేమో చూడమనండి.

మార్చాలని తేలితే కంపెనీ పార్టే తీసుకోండి, పాత దాని మీది పార్ట్ నంబరు చూపించి. దీని ధర కారును బట్టి ఉంటుంది, చిన్న పెట్రోల్ కార్లకు సాధారణంగా మీరు పంపుకు పెట్టినంత అవదు. చవక రకాలలో అయస్కాంతం బలం, కొన పొడవు తేడాగా ఉండి ఎడం కుదరదు. చల్లగా బాగానే స్టార్ట్ అయి వేడిలో మళ్లీ మొదలవుతుంది, అప్పుడు అందరూ ఈసీయూ మీద పడతారు. బిగించేటప్పుడు గూడు శుభ్రంగా తుడిచి, రబ్బరు రింగుకు ఒక చుక్క ఆయిల్ రాసి చేత్తో నొక్కితే కూర్చోవాలి. సుత్తితో తట్టకూడదు. ఒకటే చిన్న బోల్టు ఉంటుంది, దాన్ని బలం కొద్దీ బిగిస్తే ప్లాస్టిక్ చెవి విరుగుతుంది. వైరు పాత దారిలోనే, సైలెన్సర్ గొట్టానికి దూరంగా, అన్ని క్లిప్పుల్లోనూ కూర్చోవాలి.

తర్వాత కోడ్ చెరిపించి, డబ్బిచ్చే ముందు షెడ్డులోనే ఒక పరీక్ష అడగండి. రేడియేటర్ ఫ్యాన్ మూడుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడవనివ్వాలి. ఆపి, బానెట్ మూసి పది నిమిషాలు అలాగే వదిలేయాలి. వేడి గరిష్ఠంగా ఉండే సమయం అదే. అప్పుడు సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకు అందుకోవాలి. ఇలా రెండు మూడుసార్లు చేయించండి. ఆ తర్వాత మీరు ఒంటరిగా, ఎండ వేళ, ఊరి చుట్టుపక్కల గంటన్నర తిప్పండి. ఇవన్నీ అయ్యాకే పిల్లలతో విజయవాడ.

ఈలోగా హైవే ఎక్కొద్దు మాస్టారూ. తప్పనిసరై వెళ్లి దారిలో ఆగితే, బ్రేకు పంపు కొట్టినట్టు పదే పదే తొక్కకండి. బ్రేకుకు బలమిచ్చే బూస్టర్‌లో ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపడా బలమే మిగులుతుంది, ఒక్కసారే గట్టిగా నిలకడగా తొక్కండి. స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు చేతులతో లాగండి. బండి కదులుతుండగా తాళం వెనక్కి తిప్పి తీయకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది. జాతీయ రహదారి మీద 1033కు ఫోన్ చేస్తే సహాయం వస్తుంది. తోసి స్టార్ట్ చేయడం దీనికి పనిచేయదు, ఎంత తోసినా ఈసీయూకు సిగ్నల్ లేదు కదా. సెన్సార్ ఎక్కడుందో మీ మెకానిక్ ముందే చూపించి, అది చెయ్యి అందే చోట ఉంటే, తడిపి పిండిన గుడ్డ దాని మీద ఐదు నిమిషాలు వేస్తే అరగంట కాకముందే స్టార్ట్ కావచ్చు. ఇంజన్ కాలుతూ ఉంటుంది, బెల్టులూ ఫ్యానూ ఉన్న వైపు చెయ్యి పెట్టొద్దు, కప్లర్ల మీద నీళ్లు పోయొద్దు. గుడ్డ వేయగానే స్టార్ట్ అయితే అది ఇల్లు చేరడానికి మాత్రమే. ఆ సంగతి మెకానిక్‌కు తప్పకుండా చెప్పండి, అతనికి అది స్కానర్ చూపించే కోడ్ కంటే ఎక్కువ ఉపయోగం.

మార్చేసిన పాత పంపు అతని దగ్గర ఇంకా ఉంటే అడిగి తెచ్చుకోండి. దానికి నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చి, మీటరు పెట్టి ప్రెషర్ కొలిచేవాళ్లు సూర్యాపేటలోనే ఎవరో ఒకరు ఉంటారు. ట్యాంకు బయట దాన్ని పొడిగా తిప్పకూడదు, పెట్రోల్ ఆవిర్ల దగ్గర నిప్పురవ్వ ప్రమాదం, ఆ పని తెలిసినవాళ్ల చేతే చేయించండి. అది బాగానే ఉందని తేలితే నట్టింట్లో కాకుండా బయట గదిలో పొడిగా దాచి పెట్టండి. 92 వేలు తిరిగిన బండికి అది ఇంకోసారి పనికొస్తుంది.